నెలన్నర నాటి ఉద్యోగ ప్రకటన: ముందు అడగాలా, నేరుగా దరఖాస్తు చేయాలా?

అరండల్‌పేట, గుంటూరు: విజయవాడలోని ఒక విత్తనాల కంపెనీ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ కావాలంటూ జాబ్ పోర్టల్‌లో నెలన్నర క్రితం వేసిన ప్రకటన ఇప్పటికీ కనిపిస్తోంది. దరఖాస్తు చేసే ముందు, ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉందా అని కంపెనీకి సందేశం పంపవచ్చా? పంపితే ఏమని రాయాలి?

పటమట వాసి: అడగవద్దు, వెంటనే దరఖాస్తు చేయండి. రెండేళ్ల క్రితం నేను ఇలాగే మర్యాదగా ఉత్తరం రాసి, జవాబు వచ్చాక రెజ్యూమె పంపుదామని కూర్చున్నాను. జవాబు రాలేదు. అదే ప్రకటన చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా దరఖాస్తు చేసిన మా వీధి అబ్బాయి ఆ నెలాఖరుకే ఉద్యోగంలో చేరాడు. ప్రకటన కనిపిస్తోందంటే ఉద్యోగం ఉన్నట్టే, లేకపోతే తీసివేయడం వాళ్ల బాధ్యత.

తెనాలి: చివరి తేదీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది కదా? ఏపీపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

అరండల్‌పేట: ఇది ప్రైవేటు కంపెనీ అండి. ప్రకటనలో చివరి తేదీ ఇవ్వలేదు.

గవర్నరుపేట: ఉత్తరాలు ఎవరూ చదవరు. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

భవానీపురం: నేను ఎనిమిదేళ్లుగా కంపెనీలలో నియామకాల పని చూస్తున్నాను కాబట్టి మా వైపు నుంచి ఇది ఎలా ఉంటుందో చెబుతాను. ప్రకటన కనిపిస్తున్నంత మాత్రాన ఉద్యోగం ఖాళీగా ఉన్నట్టు కాదు. ఒకరిని ఎంపిక చేసి ఆఫర్ ఇచ్చిన తరువాత కూడా మేము ప్రకటన తీసివేయము. ఎందుకంటే ఆ వ్యక్తి పాత కంపెనీలో నెల నుంచి మూడు నెలల వరకు నోటీసు కాలం పూర్తి చేయాలి, ఈలోగా అక్కడే జీతం పెంచితే మనసు మార్చుకోవచ్చు. అందుకే అతను చేరేదాకా ప్రకటన అలాగే ఉంటుంది. ఇంకొన్నిసార్లు యాజమాన్యం ఆ పోస్టును తాత్కాలికంగా ఆపి ఉంచుతుంది, కానీ ఆ సంగతి పోర్టల్‌లో ఎవరూ నమోదు చేయరు. ఆ స్థితిలో వచ్చిన దరఖాస్తులు పాత జాబితా అడుగున చేరి, ఎవరూ తెరవకుండా ఉండిపోతాయి. నెలన్నర దాటిన ప్రకటనకు సందేశం పంపడంలో అసలు ఉపయోగం అక్కడే ఉంది. జవాబు ఇవ్వడానికైనా ఎవరో ఒకరు ఆ జాబితాను మళ్లీ తెరుస్తారు.

ఇక ఫోన్ సంగతి. రిసెప్షన్‌లో ఉన్నవారికి ఏ పోస్టు ఏ దశలో ఉందో తెలియదు. తెలియనప్పుడు 'అయిపోయిందండి' అనడమే వారికి సులువు. ఆ మాట నమ్మి ఆగిపోయినవారిని చాలామందిని చూశాను.

గవర్నరుపేట: మా బావమరిదికి ఫోన్ మీదే ఉద్యోగం వచ్చింది. ఎత్తినవారు నేరుగా యజమానికే ఇచ్చారు.

భవానీపురం: పదిమంది పనిచేసే దుకాణంలోనో, ఆటోనగర్ షెడ్డులోనో అయితే మీ మాట నిజమే. హెచ్ఆర్ విభాగం ఉన్న కంపెనీలో అలా జరగడం అరుదు.

పటమట వాసి: మీరే చెబుతున్నారు, ఎంపిక అయిపోయినా ప్రకటన ఉంచుతామని! ఇంత మంది ఆశపడి రెజ్యూమెలు పంపుతూ ఉంటే, ఒక బటన్ నొక్కి ప్రకటన మూసివేయడానికి మీకు తీరిక లేదా? పైగా మేమే వినయంగా అడగాలట. పని ఇచ్చేవారి తప్పును పని అడిగేవారు ఎందుకు మోయాలి? నా మాట ఒక్కటే: అడగడం అంటే కాళ్లు పట్టుకోవడమే.

భవానీపురం: ప్రకటన మూసివేయకపోవడం సరైనదని నేను అనలేదు. అయితే ప్రశ్న వేసినవారికి ఈ వారం ఉపయోగపడే మాట కావాలి. మా తప్పు దిద్దుకునేదాకా ఆయన ఆగలేరు. వివరం అడిగినంత మాత్రాన ఎవరూ చులకన కారు.

అరండల్‌పేట: నేను ముందు అడగాలనుకోవడానికి కారణం ఇంకొకటి ఉంది, మొదటే చెప్పవలసింది. ఆ కంపెనీ దరఖాస్తు ఫారంలో ప్రస్తుత యజమాని పేరు, ఫోన్ నంబరు తప్పనిసరిగా ఇవ్వాలి. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తున్నాను. మా యజమానికి ఈ కబురు చేరితే ఆ ఉద్యోగం రాకముందే ఈ ఉద్యోగం పోతుంది. ఖాళీయే లేని పోస్టు కోసం ఆ ప్రమాదం ఎందుకని నా భయం.

పటమట వాసి: ఇది వేరే సంగతి. అయినా ఆ నంబరు దగ్గర మీ స్నేహితుడిది రాస్తే సరిపోతుంది.

భవానీపురం: దయచేసి అలా చేయవద్దు. తప్పుడు నంబరు బయటపడితే ఆఫర్ ఇచ్చిన తరువాత కూడా రద్దు చేస్తారు. సాధారణంగా ప్రస్తుత యజమానిని విచారించేది ఆఫర్ దశలోనే. కాబట్టి ఆ విషయం కూడా సందేశంలోనే తేల్చుకోండి.

పంపే ముందు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉద్యోగాల పేజీ చూడండి. పోర్టల్‌లో ఉండి అక్కడ లేకపోతే పోస్టు ఆగిపోయి ఉండే అవకాశం ఎక్కువ. తరువాత హెచ్ఆర్ మెయిల్‌కు రాయండి. సబ్జెక్టులో పోస్టు పేరు, ప్రకటన సంఖ్య ఉండాలి. 'ఖాళీ ఉందా' అని మాత్రం అడగకండి, దానికి ఆలోచించకుండానే 'ఉంది' అనేస్తారు. ఇలా రాయవచ్చు:

"నమస్కారం. పోర్టల్‌లో మీరు ఇచ్చిన అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ప్రకటన (సంఖ్య, తేదీ) చూశాను. ఈ పోస్టుకు ఇంకా కొత్త రెజ్యూమెలు పరిశీలిస్తున్నారా, లేక ఎంపిక చివరి దశకు వచ్చిందా తెలియజేయగలరు. నేను ఎంకాం చదివి, ఐదేళ్లుగా టాలీలో ఖాతాలు, జీఎస్టీ రిటర్నులు చూస్తున్నాను. రెజ్యూమె జతచేశాను. ప్రస్తుత యజమాని వివరాలు ఆఫర్ దశలో ఇవ్వడానికి వీలుంటుందా?"

చదువు, అనుభవం మీవి రాసుకోండి. రెజ్యూమె జతచేయడం వల్ల పటమట వాసి గారి భయమూ తీరుతుంది, జవాబు రాకపోయినా మీ పేరు వారి దగ్గరకు చేరినట్టే.

గవర్నరుపేట: ఎప్పుడు పంపాలి?

భవానీపురం: ఇది అకౌంట్స్ పోస్టు. రెజ్యూమె చూడవలసినది అక్కడి అకౌంట్స్ మేనేజరు. నెలనెలా రిటర్నులు వేసే కంపెనీలలో జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ. ఆ తేదీలకు ముందు రెండు మూడు రోజులు హెచ్ఆర్ అడిగినా ఆయన తల ఎత్తరు. 21 తరువాత పంపితే మేలు. మూడు పనిదినాలు చూసి, జవాబు రాకపోతే పోర్టల్‌లో కూడా దరఖాస్తు చేయండి. యజమాని గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు వెళ్లకపోతే అక్కడ 'ఆఫర్ దశలో ఇస్తాను' అని రాయండి. నంబరు గడి అంకెలు తప్ప తీసుకోకపోతే మాత్రం ఫారం పక్కన పెట్టి, మెయిల్ మీదే ఆధారపడండి.

కృష్ణలంక: నేను ఇలా అడిగితే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారు. కట్టాలా?

భవానీపురం: ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ఆ జవాబు కంపెనీ పేరుతో ఉన్న మెయిల్ నుంచి వచ్చిందా, జీమెయిల్ నుంచి వచ్చిందా చూడండి.

పటమట వాసి: మూడు రోజులు ఆగడం కూడా నాకు నచ్చలేదు. మెయిలు, ఫారం ఒకే రోజు పంపాలి. ఆ మూడు రోజుల్లో ఎవరో ఒకరు ముందు నిలబడతారు.

భవానీపురం: యజమాని నంబరు సమస్య లేనివారికి మీ పద్ధతే మేలు, ఒప్పుకుంటాను. ఈయన విషయంలో మాత్రం ఒప్పుకోను.

అరండల్‌పేట: వెబ్‌సైట్ చూశాను. అక్కడ ఆ పోస్టు ఉంది, కానీ పని ప్రదేశం విజయవాడకు బదులు కర్నూలు అని ఉంది. ఇప్పుడు ఆ సంగతి కూడా అడగాలా?

భవానీపురం: అదే మొదటి వాక్యంలో అడగండి.