రెండు కేసుల్లో భారత్, పాకిస్తానే కదా, మరి ఒకదానికే కోర్టుకు అధికారం ఎలా వచ్చింది?

లా చదువుతున్నాను, వచ్చే వారం ఇంటర్నేషనల్ లా పరీక్ష, ఈ ఒక్క చోటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త సరిచేయండి.

1999లో తన నౌకాదళ అట్లాంటిక్ విమానాన్ని భారత్ కూల్చిందని పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. భారత్ 1974 డిక్లరేషన్‌లో కోర్టు అధికారాన్ని ముందుగానే ఒప్పుకుంది గానీ, కామన్వెల్త్ దేశాలతో వచ్చే వివాదాలు మాత్రం వద్దని మినహాయింపు పెట్టుకుంది. దాంతో 2000లో 14-2 ఓట్లతో అధికారం లేదని తేల్చేశారు, విమానం ఎవరి గగనతలంలో ఉందన్న అసలు గొడవ జోలికే పోలేదు.

2017లో, పాకిస్తాన్ మరణశిక్ష వేసిన భారతీయుడు కుల్‌భూషణ్ జాధవ్ కేసులో మాత్రం భారత్ ఆ డిక్లరేషన్‌ను ముట్టుకోలేదు. కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందంపై వచ్చే వివాదాల్లో కోర్టుకు అధికారం ఇచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో రెండు దేశాలూ పక్షాలే కాబట్టి ఆ దారిలో వెళ్లింది. అంటే డిక్లరేషన్‌లోని మినహాయింపు ఒప్పందం ద్వారా ఇచ్చిన సమ్మతికి అస్సలు తగలదనే కదా?

ఇక నా అసలు డౌట్. జాధవ్ దగ్గర వేరే పేరుతో పాస్‌పోర్టు దొరికింది, భారత్ చేతులే శుభ్రంగా లేవు, కాబట్టి కేసు విచారణార్హం కాదని పాకిస్తాన్ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఇది అధికారపరిధి అభ్యంతరం ఎందుకు కాదు? సమ్మతి ఉన్నా కేసు వినకూడదు అంటే విచారణార్హత, సమ్మతే లేదంటే అధికారపరిధి అని రాస్తే సరిపోతుందా? విచారణార్హత లేదని నిజంగానే కొట్టేసిన కేసు ఒకటి చెప్తే ఇంకా మేలు.