గోడలే కాపాడాయా? 476 తర్వాత తూర్పు రోమ్ సంగతి

సివిల్స్‌బెంచీ: 476లో పడమటి రోమ్ పోయింది, తూర్పు రోమ్ 1453 దాకా ఉంది. అంతా కాన్‌స్టాంటినోపుల్ గోడల మహిమే అంటారు మా సార్. ఒక్క ఊరి గోడ ఒక రాజ్యాన్ని వెయ్యేళ్లు కాపాడుతుందా?

గోడమీదపిల్లి: కాపాడుతుంది. నేను ఇస్తాంబుల్ వెళ్లి ఆ గోడ పక్కన సగం దూరం నడిచాను. ముందు కందకం, తర్వాత పొట్టి గోడ, దాని వెనక ఎత్తు గోడ. కందకం దాటినవాడికి ఇంకో రెండు గోడలు ఎదురు. 447లో భూకంపం వచ్చి చాలా బురుజులు కూలిపోయాయి. అదే సమయంలో హూణుల రాజు అటిలా దండు బాల్కన్లలో తిరుగుతోంది. రెండు నెలల్లో మళ్లీ కట్టేశారు. అటిలా ఊరి జోలికి రాలేదు. ఇంకేం కావాలి?

పాతనాణెం: పిల్లిగారూ, మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. కూలిన గోడని రెండు నెలల్లో లేపడానికి మనుషులు, డబ్బు, ఆ రెండింటినీ కదిలించే యంత్రాంగం కావాలి. పడమటి రోమ్‌కి కొరవడింది అదే. 439లో వాండల్స్ అనే జర్మానిక్ తెగవాళ్లు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌ని పట్టుకున్నారు. ఆఫ్రికా ధాన్యం, పన్నులు పోయాక సైన్యానికి జీతాలిచ్చే దారి మూసుకుపోయింది. 468లో కార్తేజ్‌ని తిరిగి తేవడానికి పెద్ద నౌకాదళం వెళ్తే వాండల్స్ దాన్ని తగలబెట్టారు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం పెట్టింది తూర్పే. పడమర ఆ తర్వాత ఎనిమిదేళ్లే ఉంది. తూర్పులో 518లో అనస్తాసియస్ చక్రవర్తి చనిపోయేసరికి ఖజానాలో 3,20,000 పౌన్ల బంగారం మిగిలిందని చరిత్రకారుడు ప్రోకోపియస్ రాశాడు. అంకె కాస్త పెంచి రాశాడనుకున్నా, ఒకే దెబ్బ తిన్న ఇద్దరిలో ఎవరు లేచారో తెలుస్తోంది కదా. ఈజిప్టు, సిరియా అప్పటికింకా తూర్పు చేతిలోనే ఉన్నాయి.

నిప్పుకోడి: అందరూ అసలు విషయం వదిలేశారు. గ్రీకు నిప్పు! నీళ్ల మీద కూడా మండే ఆ నిప్పు ఉండబట్టే అరబ్బులు ఓడారు.

పాతనాణెం: సగం నిజం. అది 670ల నాటిది. 626లో అవార్లనే సంచార తెగవాళ్లు గోడ దాకా వచ్చినప్పుడు అది లేదు. పర్షియన్లు అవతలి గట్టున చాల్సిడాన్‌లో కూర్చుని దాటలేకపోయింది రోమన్ల మామూలు ఓడలు అడ్డుపడటం వల్లే. పైగా అది ఓడ మీది గొట్టంలోంచి దగ్గరి దూరానికి చిమ్మేది. ఇప్పటి టర్కీలోని అనటోలియా పీఠభూమి మీద దానితో ఏం పని?

హైదరాబాదీ: చిన్న సందేహం. తూర్పు రోమ్ అంటే హోలీ రోమన్ సామ్రాజ్యమేనా? అది 1806 దాకా ఉందని చదివా.

పాతనాణెం: కాదండీ, అది జర్మనీ వైపుది, వేరే. ఇక్కడ కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్నదాని గురించి మాట్లాడుకుంటున్నాం. బైజాంటియం అనేది తర్వాతివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమని రోమన్లు అనే చెప్పుకున్నారు.

హైదరాబాదీ: ఓకే, థ్యాంక్స్. మాది గోల్కొండ దగ్గరే కాబట్టి ఒక మాట. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా కోట గోడ లొంగలేదు. లంచం తిన్నవాడు లోపల్నుంచి తలుపు తీస్తే పోయింది. గోడ ఎంత గట్టిదైనా లోపలివాళ్ల సంగతి కూడా చూడాలి. కాన్‌స్టాంటినోపుల్‌లో అలాంటివి జరగలేదా?

గోడమీదపిల్లి: 1204లో పోయింది మీరు చెప్పినట్టే లోపలి గొడవల వల్ల. సింహాసనం కోసం కొట్టుకుని క్రూసేడర్లని వాళ్లే పిలుచుకున్నారు. అప్పుడు కూడా నేల వైపు గోడ పడలేదు, సముద్రం వైపు గోడ ఎక్కారు.

పాతనాణెం: 1204 సంగతి ఒప్పుకుంటా. ఇక 717 చూద్దాం, అందులో గోడ వాటా ఎంతో తెలుస్తుంది.

అరబ్బులు పెద్ద ముట్టడికి సిద్ధమవుతున్నారని ముందే తెలిసింది. రెండో అనస్తాసియస్, అంటే పైన చెప్పినాయన కాదు, మూడేళ్లకి సరిపడా తిండి నిల్వ లేనివాళ్లు ఊరు విడిచి వెళ్లాలని ఆజ్ఞ వేశాడు. 717 ఆగస్టులో అరబ్బు సేనాని మస్లమా సైన్యం వచ్చింది. అప్పటికి ఆయన్ని దింపేశారు, ఆ తర్వాతి చక్రవర్తీ పోయాడు, మూడో లియో సింహాసనమెక్కి కొన్ని నెలలే. గోడ ముందు సైన్యం ఆగింది, ఓడల మీద నిప్పు కురిసింది. ఇక్కడిదాకా పిల్లిగారికీ నిప్పుకోడిగారికీ మార్కులు.

తర్వాత చలికాలం వచ్చింది. వంద రోజులు నేల మీద మంచు కరగలేదని చరిత్రకారుడు థియోఫనీస్ రాశాడు. బయట గుడారాల్లో ఉన్న సైన్యం ఆకలితో గుర్రాలని, ఒంటెలని తింది. లోపలివాళ్లకి గింజలున్నాయి. వసంతంలో ఈజిప్టు నుంచి సరుకుల ఓడలు వచ్చాయి. వాటి నావికుల్లో చాలామంది క్రైస్తవులు. రాత్రికి రాత్రి పడవలెక్కి ఊళ్లోకి వచ్చి ఆ ఓడలు ఎక్కడ దాక్కున్నాయో చెప్పేశారు. నేల మీద బల్గార్లు వెనక నుంచి అరబ్బుల మీద పడ్డారు. వాళ్లేమీ రోమన్ల మీద ప్రేమతో రాలేదు, వాళ్లతో ముందే ఒప్పందం ఉంది. 718 ఆగస్టులో ముట్టడి ఎత్తేశారు. గోడ ఇచ్చింది సమయం. ఆ ఏడాదిలో ఓడించింది తిండి, ఓడలు, పొరుగువాడు.

సివిల్స్‌బెంచీ: మరి ఊరి బయట? ఈజిప్టు, సిరియా అరబ్బులకి పోయాక పన్నులే లేవు కదా, సైన్యం ఎలా నిలిచింది?

పాతనాణెం: అసలు చిక్కు అక్కడే. ఈజిప్టు పోకముందే, పర్షియా యుద్ధంలో, హెరాక్లియస్ చక్రవర్తి కాలంలో జీతాలు సగం చేశారు. చర్చిల వెండి తీసుకుని కరిగించారు. అరబ్బులు వచ్చాక మిగిలిన సైన్యాలు అనటోలియాకి వెనక్కొచ్చి అక్కడే స్థిరపడ్డాయి. రొక్కం జీతం తగ్గి, సైనికులకి ఇచ్చిన భూముల నుంచి వచ్చేది పెరిగింది. ఏటా వేసవిలో అరబ్బు దండు టారస్ కొండలు దాటి వచ్చేది. జనం పశువులతో కోటల్లోకి వెళ్లేవాళ్లు. రోమన్ సైన్యం ఎదురుపడకుండా వెంటాడి, కొల్లసొమ్ముతో బరువెక్కి తిరిగి వెళ్లేటప్పుడు దారి కాసేది. 863లో లలకావోన్ దగ్గర మెలిటిన్ అమీరు ఉమర్‌ని అలాగే చుట్టుముట్టి చంపారు. నల్ల సముద్రం ఒడ్డు దాకా వచ్చి దోచుకుని వెళ్తున్నాడు. పెద్ద యుద్ధంలో ఓడిపోతే మళ్లీ సైన్యం కట్టే డబ్బు లేనివాడి పద్ధతి ఇది.

రిటైర్డ్‌లెక్చరర్: నాణెంగారూ, సైనికులకి భూములు ఇచ్చారన్నది ఏడో శతాబ్దంలోనే అంత ధీమాగా చెప్పకండి. ఒకప్పుడు హెరాక్లియస్ చేసిన సంస్కరణ అనేవారు. సైనికుల భూముల గురించి స్పష్టమైన చట్టాలు దొరికేది పదో శతాబ్దంలో. మధ్యలో 300 ఏళ్లు ఉన్నాయి.

పాతనాణెం: ఒప్పుకుంటా సార్. హెరాక్లియస్ ఒక్క కలంపోటుతో చేశాడని నేనూ అనను, మెల్లగా జరిగి ఉండాలి. జీతం మొత్తం రొక్కంగా ఇచ్చే స్థితి లేదన్నది మాత్రం మార్చుకోను.

గోడమీదపిల్లి: ఎంత చెప్పినా గోడ లేకపోతే 626లోనే అయిపోయేది. అప్పుడు మీ పన్నులు ఎవరు వసూలు చేసేవారు?

రిటైర్డ్‌లెక్చరర్: అది కొట్టిపారేయలేం. పైగా "వెయ్యేళ్లు" అన్న లెక్క కూడా చూడాలి. 1204 నుంచి 1261 దాకా రాజధాని లాటిన్ల, అంటే ఆ క్రూసేడర్ల, చేతిలో ఉంది, గోడ కూడా వాళ్లదే. రాజ్యం అనటోలియాలోని నికేయాలో బతికి తిరిగొచ్చింది. గోడలు లేకుండా 57 ఏళ్లు. పిల్లిగారు దీనికి ఏమంటారో?

గోడమీదపిల్లి: నికేయాకి కూడా గోడ ఉంది సార్, వెళ్లి చూశాను :)

పాతనాణెం: ఇంకొకటి చెప్పి పడుకుంటా. 626లో అవార్లు ఊరికి నీళ్లు తెచ్చే వాలెన్స్ కాలువని తెంపేశారు. దాన్ని బాగు చేసింది 766లో. 140 ఏళ్లు రాజధాని ఆ నీళ్లు లేకుండానే గడిపింది. గోడ అదే గోడ. దాని లోపల మనుషులు ఎంతమంది మిగిలి ఉంటే అది కుదిరి ఉంటుంది?