రింగు వలకి కన్ను పెంచితే చాలా, పడవకి ఇంతే అని కోటా కూడా పెట్టాలా?

భీమిలి కుర్రాడు
మాది చిన్న ఫైబర్ పడవ. కవళ్ళకీ కానాగంతలకీ నరం వలలు వేస్తాం. రింగు వలల వాళ్ళు గుంపుకి గుంపునే చుట్టేస్తున్నారు, వేలెడంత పిల్ల కవళ్ళని కూడా వదలడం లేదు. ఊళ్ళో పెద్దవాళ్ళు కొందరు వల కన్ను, అంటే గడి సైజు, పెంచమంటున్నారు, కొందరు పడవకి రోజుకి ఇన్ని కిలోలే అని కోటా పెట్టమంటున్నారు. ఏది పనికొస్తుంది?

కెరటం
కన్ను ఒక్కటి చాలు. మన రాష్ట్ర నిబంధనల్లో కనీస కన్ను 15 మిల్లీమీటర్లే ఉంది. దాన్ని 40 చేస్తే పిల్ల చేపలు వాటంతటవే జారిపోతాయి. ట్రాల్ వలలకి శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నది అదే. కోటా అంటే మళ్ళీ ఆఫీసర్లు, చీటీలు, లంచాలు.

వలలు కట్టే మావయ్య
కెరటం గారూ, మీరు చెప్పిన 40 ట్రాల్ వల తోక సంచికి. అది కూడా చదరపు కన్ను అయితేనే. మామూలు కన్ను లాగుడుకి మూసుకుపోతుంది, చదరపుది తెరుచుకుని ఉంటుంది.

రింగు వల సంగతి వేరు. అది చేపని కన్నులో ఇరికించి పట్టే వల కాదు, గోడలా చుట్టూ నిలబడే వల. అందుకే కన్ను చేప కంటే బాగా చిన్నగా ఉండాలి. మీరన్నట్టు 40 పెడితే అది కుర్రాడి కవళ్ళ నరం వలకి దగ్గరగా వస్తుంది. గుంపు మొత్తం తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. టన్నుల చేప గోడ నిండా వేలాడితే వల లేవదు, లేచినా చిరుగుతుంది. లేదంటే ఒక్కొక్క చేపని విప్పుకుంటూ కూర్చోవాలి. ఏ రింగు వలవాడూ దీనికి ఒప్పుకోడు. అది మొండితనం కాదు.

ఇంకో మాట. కొట్లో కన్ను కొనేటప్పుడు ఎలా కొలిచారో అడగండి. లాగి పట్టుకుని, ఒక ముడి నుంచి ఎదురు ముడికి కొలవాలి. ఒక పక్క మాత్రమే కొలిస్తే అందులో సగమే వస్తుంది. సగం తగాదాలు ఈ కొలత దగ్గరే పుడతాయి.

రింగు సీను
మావయ్య ఒక్కరే న్యాయంగా మాట్లాడారు. మా వల ముప్పై మందిమి కలిసి అప్పు చేసి కొన్నాం. పోయినేడాది ఒక గుంపు చుట్టాం. కింద ఉంగరాల్లో తాడు బిగిసి దగ్గరికి లాగాక తెలిసింది, అన్నీ పిల్లలే. వదిలేద్దామంటే పక్క పడవవాడు నవ్వాడు, మీరు వదిలితే మేం చుడతాం అని. ఒడ్డున చేపల పొడి ఫ్యాక్టరీకి కొనేవాడు కిలోకి పది రూపాయలిచ్చాడు. డీజిల్‌కి కూడా రాలేదు. ఇప్పుడు చెప్పండి, తప్పు నాదా?

మంచిర్యాల బెస్త
మా చెరువులోనూ ఇదే గొడవ అన్నా. పిల్లలు వదిలిన మూడు నెలలకే దోమతెర లాంటి వలలు వేస్తున్నరు. సొసైటీ వాళ్ళు వల చూసి ఆపాలి గదా?

వలలు కట్టే మావయ్య
తమ్ముడూ, చెరువులో పిల్లల్ని మీరే వదులుతారు, గట్టు మీద నిలబడి ఎవరి వలైనా చూడొచ్చు. సముద్రంలో ఆ రెండూ లేవు. మీది వేరే పోస్టులో అడగండి, తప్పకుండా చెబుతా.

రింగు సీను, తప్పు నీ ఒక్కడిది కాదు గానీ ఒక లెక్క చూడు. 10 సెంటీమీటర్ల నూనె కవళ్ళు ఒక్కోటి ఇంచుమించు 10 గ్రాములు. ఒక టన్ను అంటే లక్ష చేపలు. అవే 15 సెంటీమీటర్లకి ఎదిగితే ఒక్కోటి 34 గ్రాముల దాకా తూగుతాయి. ఈలోపు సగం చచ్చినా, పెద్ద చేపలు తిన్నా, మిగిలిన యాభై వేలు 1.7 టన్నులు. పైగా అవి పొడి ఫ్యాక్టరీకి కాదు, జనం తినడానికి వెళ్ళే ధర.

అయితే చుట్టాక వదలడం కూడా మంచిది కాదు. ఒత్తిడికి పొలుసు ఊడిన కవళ్ళు వదిలినా చాలావరకు చస్తాయి. తాడు బిగించక ముందే తెలుసుకోవాలి. గుంపు అంచున ఒక విసురు వల వేసి, వచ్చిన చేపల్ని అరచేతి మీద పెట్టి చూడు. కేరళలో కవళ్ళకి 10, కానాగంతలకి 14 సెంటీమీటర్లు కనీసం అని చట్టమే పెట్టారు. అంతకంటే చిన్నవి ఒడ్డుకి తెస్తే జరిమానా. కన్ను కంటే ఈ కొలత నయం, ఎందుకంటే ఒడ్డున ఎవరైనా స్కేలు పెట్టి చూడగలరు.

కెరటం
రింగు వలల వరకు నా మాట తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ పక్క పడవవాడు చుట్టేస్తాడన్నదానికి కోటా తప్ప మందు లేదు కదా? ఐస్‌లాండ్‌లో ఉంది.

వలలు కట్టే మావయ్య
ఐస్‌లాండ్‌లో ఆ కోటాలు అమ్ముడయ్యాయి కూడా. చిన్న పల్లెల వాటాలు కొన్ని చివరికి పెద్ద కంపెనీల చేతికి వెళ్ళాయి. మనకి ఇంకో చిక్కు ఉంది. ఒక్క వలలోనే కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు కలిసి వస్తాయి. కవళ్ళ కోటా అయిపోతే వాటిని నీళ్ళలో పారేసి కానాగంతలే తెస్తారు. పారేసినవి బతకవు, లెక్కలోకీ రావు. హార్బర్‌లో అయితే తూకం వేయొచ్చు. ఇసుక మీద దిగే వందల పడవల్ని ఎవరు తూస్తారు?

తడ అత్త
మా పుట్టిల్లు పులికాట్ గట్టున. అక్కడ తమిళనాడు వైపు పల్లెల్లో 'పాడు' అని వంతుల పద్ధతి ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లు పంచుకుని, ఏ రోజు ఎవరు ఎక్కడ వల కట్టాలో చీటీ వేసి తేలుస్తారు. కిలోలు ఎవరూ తూయరు. వంతు కాని రోజు వెళ్తే ఊరి పంచాయితీ. కానీ అంతా బాగుందని అనను. వంతు లేనివాళ్ళకి, వేరే కులం వాళ్ళకి అడుగుపెట్టే చోటే ఉండదు. దాని మీద గొడవలయ్యాయి.

రింగు సీను
వంతులైతే మా వాళ్ళు వింటారు. వారానికి ఇన్ని రోజులు మా ఊరు, ఇన్ని రోజులు పక్కూరు. కానీ కుర్రాడు కూడా తన వల చూసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళు మా రింగు వలల్లోవేనా?

భీమిలి కుర్రాడు
నిజమే, దాచను. మా నాన్న టేకు చేపలకి పెద్ద కన్ను వల సాయంత్రం అడుగున వేసి పొద్దున్నే తీస్తాడు. కిందటి నెల రెండు తాబేళ్ళు చచ్చి వచ్చాయి. వల కూడా కోయాల్సి వచ్చింది.

వలలు కట్టే మావయ్య
తాబేలు ఊపిరికి పైకి రావాలి. రాత్రంతా అడుగున ఇరుక్కుంటే బతకదు. ఆ మూడు నెలలు వల వేసి వెళ్ళిపోకుండా దగ్గరే ఉండి, గంటకోసారి ఎత్తి చూడాలి. గుడ్లు పెట్టే ఇసుక ఎదురుగా అసలు వేయకూడదు. పెరూలో చిన్న పడవలవాళ్ళు వల పైతాడుకి ఆకుపచ్చ లైట్లు కట్టి చూశారు. అక్కడ పచ్చ తాబేళ్ళు పడటం అరవై శాతానికి పైగా తగ్గింది, చేప తగ్గలేదు. కాకపోతే లైట్లకీ బ్యాటరీలకీ డబ్బు ఎవరిస్తారన్నది మిగిలే ఉంది.

భీమిలి కుర్రాడు
సరే మావయ్యా. గంటకోసారి ఎత్తడం నాన్నకి చెబుతా, తిడతాడు. కవళ్ళ కొలతా వంతులూ రెండూ ఆదివారం పెద్దల ముందు పెడతా. రింగు సీను అన్నా, మీ ఊరి నుంచి ఎవరైనా వస్తారా?

రింగు సీను
వస్తాం. కానీ ముందు ఒక మాట తేలాలి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మేం రాకూడదంటారు, ట్రాల్ బోట్లు రాత్రిళ్ళు 3 కిలోమీటర్ల దాకా వస్తున్నాయి. వాటిని ఎవరూ అడగకుండా మా ఒక్కళ్ళ కవళ్ళకే స్కేలు పెడితే, 2022 జనవరిలో రింగు వలల గొడవకి విశాఖలో వాసవానిపాలెం దగ్గర పడవలు తగలబడ్డాయి కదా, మళ్ళీ అక్కడికే వస్తాం.

కెరటం
అది వేరే చర్చ అన్నా.

రింగు సీను
మాకు కాదు.