అప్‌డేట్: పగటి ఫొటోను రాత్రి దృశ్యంగా మార్చడం

నా ప్రశ్న: బొమ్మలు గీసే AI టూల్‌కు పగటిపూట తీసిన ఇంటి ఫొటోను రిఫరెన్స్‌గా ఇచ్చి "రాత్రి, వాన, కిటికీలో దీపం" అని రాశాను. ఫొటోను ఎంత మార్చాలో చెప్పే స్లైడర్ `strength` తగ్గిస్తే పగలు పోవడం లేదు, పెంచితే ఇల్లే మారిపోతోంది. ఏం చేయాలి?

అప్‌డేట్: పరిష్కారం దొరికింది, అయితే అది స్లైడర్‌లో లేదు.

టూల్ ఫొటో మీద నాయిస్, అంటే చుక్కల గందరగోళం, చల్లి దాన్ని స్టెప్పుల వారీగా తీస్తూ బొమ్మ గీస్తుంది. 30 స్టెప్పులు పెట్టి `strength` 0.3 ఇస్తే నిజంగా నడిచేవి చివరి 9 మాత్రమే. వెలుగునీడలు, ప్రధాన రంగులు తొలి స్టెప్పుల్లోనే స్థిరపడతాయి. కాబట్టి "రాత్రి" అనే మాటకు పని చేసే చోటే మిగలదు, గోడల గరుకుదనం మాత్రం మారుతుంది. 0.75 దగ్గర ఫొటో దాదాపు నాయిస్‌లో మునిగిపోతుంది. రాత్రి వచ్చింది, పైకప్పు వాలు మారింది, లేని కిటికీ ఒకటి మొలిచింది! రాసిన మాటలకు ఎంత కట్టుబడాలో చెప్పే `CFG` పెంచితే రంగులు మండిపోయాయే గానీ ఆకాశం చీకటి పడలేదు.

చివరికి ఫొటోనే ముందుగా ఎడిటర్‌లో బాగా చీకటి చేసి, నీలి ఛాయ వేసి, కిటికీ మీద పసుపు మచ్చ పూశాను. నాయిస్ ఎలా పడాలో నిర్ణయించే సీడ్ నంబర్ మార్చకుండా `strength` 0.5 ఇస్తే ఇల్లు నిలిచింది, నేల మీద తడి మెరుపూ వచ్చింది. 0.4కి దించితే కిటికీ చట్రం ఇంకా కచ్చితంగా ఉంది కానీ వాన ధారలు మాయమయ్యాయి.

కొన్ని టూల్స్‌లో ఈ స్లైడర్ తిరగేసి ఉంటుంది, అక్కడ పెంచితే ఫొటోకే బలం ఎక్కువ.