అత్యవసర వైద్యానికి ఎఫ్.డి. రద్దు చేస్తే జరిమానా మాఫీ చేయాల్సిందేనా?

ఎం.వి.పి. కాలనీ వాసి (ప్రశ్న): ఆరిలోవలోని ఒక ఆసుపత్రిలో మా నాన్నగారికి గుండె శస్త్రచికిత్స చేయాలన్నారు. ఆయన పేరిట మూడేళ్ల ఎఫ్.డి. 4 లక్షలు ఉంది, వడ్డీ 7 శాతం, ఏడాది రెండు నెలలు గడిచాయి. వైద్యం కోసమే కాబట్టి ఒక శాతం జరిమానా మాఫీ చేయమంటే, అది తన చేతిలో లేదని మేనేజరు గారు అంటున్నారు. జబ్బు చేసినప్పుడు కూడా జరిమానా వేయడం న్యాయమేనా?

గాజువాక మిత్రుడు: న్యాయం కాదు, నిబంధన కూడా కాదు. తీవ్రమైన జబ్బు చేస్తే డిపాజిట్ అసలు మొత్తం గడువుకు ముందే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ మాట కాగితం మీద పెట్టి అడగండి, ఎలా ఇవ్వరో చూద్దాం.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ద్వారకానగర్: గాజువాక మిత్రులు చెప్పిన నిబంధన ఉన్న మాట నిజమే గానీ, అది డిపాజిట్లు తీసుకునే ఫైనాన్స్ కంపెనీలకు 2025 జనవరి నుంచి వర్తించేది, అందులోనూ డిపాజిట్ వేసిన మొదటి మూడు నెలల్లో, వడ్డీ లేకుండా అసలు మాత్రమే ఇవ్వడం గురించి. బ్యాంకుల విషయంలో జరిమానా ఎంతన్నది ఆయా బ్యాంకుల బోర్డు ఆమోదించిన డిపాజిట్ విధానమే నిర్ణయిస్తుంది. అందులో వైద్య కారణానికి మినహాయింపు రాసి ఉంటే అడిగి సాధించుకోవచ్చు. లేకపోతే మేనేజరు గారు పైఅధికారులకు సిఫారసు చేయగలరు, అంతే.

ఇంతకీ మనం దేని కోసం పోరాడుతున్నామో లెక్క చూద్దాం. రద్దు చేస్తే ఒప్పుకున్న 7 శాతం రాదు. డిపాజిట్ వేసిన రోజున ఏడాది కాలానికి ఉన్న రేటు ఇస్తారు. అది 6.8 అనుకుంటే, జరిమానా పోను చేతికి వచ్చేది 5.8 శాతం. చక్రవడ్డీ పక్కన పెడితే మొత్తం నష్టం దాదాపు 5,600 రూపాయలు. జరిమానా మాఫీ అయితే అందులో సుమారు 4,670 మిగులుతుంది, తక్కినది ఎలాగూ పోతుంది. మూడు నెలలకోసారి వడ్డీ తీసుకుంటూ వచ్చి ఉంటే, ఎక్కువగా ఇచ్చినది అసలులోంచి కోస్తారు. అందుకే చాలామంది కౌంటరు దగ్గర అసలు తగ్గిందేమిటని కంగారు పడతారు.

అదే డిపాజిట్ మీద రుణం తీసుకుంటే సాధారణంగా 90 శాతం, అంటే 3.6 లక్షలు, ఎఫ్.డి. రేటుకు ఒక శాతం అదనపు వడ్డీతో ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది కనుక మీకు పడే నికర భారం నెలకు 300 రూపాయలే. బీమా డబ్బో మరొకటో నాలుగైదు నెలల్లో వచ్చేటట్టుంటే రద్దు చేయకపోవడమే మేలు; తీర్చే దారే లేకపోతే మాత్రం రద్దే నయం. ఐదేళ్ల పన్ను ఆదా డిపాజిట్ అయితే ఈ రెండు దారులూ ఉండవు, ముందు రసీదు చూసుకోండి.

సీతమ్మధార గృహిణి: మాకు జరిమానా కంటే సంతకమే పెద్ద సమస్య అయింది. మా ఇద్దరి పేరిట, ఎవరైనా ఒకరు తీసుకునేలా వేసిన డిపాజిట్టే అయినా, గడువుకు ముందు రద్దుకు ఇద్దరూ సంతకం పెట్టాలన్నారు. మావారేమో ఐ.సి.యు.లో ఉన్నారు. చివరికి బ్యాంకు అధికారి ఒకరు ఆసుపత్రికి వచ్చి, మరో సాక్షి ఎదుట ఆయన వేలిముద్ర తీసుకుంటే గానీ పని కాలేదు. నాన్నగారు సంతకం చేయగలిగే స్థితిలో ఉన్నప్పుడే ఆ ఫారాలు పూర్తి చేయించండి బాబూ.

పెదవాల్తేరు న్యాయవాది: లెక్క బాగానే ఉంది గానీ అడిగినది న్యాయం గురించి. డిపాజిటుదారు మరణిస్తే వారసులు ముందుగా తీసుకున్నా జరిమానా వేయరు. మనిషి పోయాక మాఫీ చేయగలిగిన వారు, మనిషిని బతికించుకోవడానికి అడిగితే ఎందుకు చేయలేరు?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ద్వారకానగర్: మరణ ధ్రువపత్రాన్ని వివాదం లేకుండా చూడవచ్చు, ఆసుపత్రి అంచనా పత్రాన్ని అలా చూడలేమన్నది బ్యాంకుల వాదన. అది పూర్తిగా సబబని నేననను. నిర్ధారించిన గుండె శస్త్రచికిత్సకు ఆ అనుమానం అతి. కాకపోతే 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చినది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు తరఫున ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లవచ్చు; వెళ్లినా, ఇది బ్యాంకు వ్యాపార నిర్ణయమని పక్కన పెట్టే అవకాశమే ఎక్కువ. రద్దు దరఖాస్తు, మాఫీ దరఖాస్తు మాత్రం వేర్వేరుగా ఇవ్వండి. ఒకే కాగితంలో రాస్తే మాఫీ తేలేదాకా డబ్బూ కదలదు. విడిగా ఇస్తే డబ్బు ముందు వస్తుంది, మాఫీ మంజూరైతే ఆ మొత్తం తర్వాత ఖాతాలో వేస్తారు.

పెదవాల్తేరు న్యాయవాది: వ్యాపార నిర్ణయమన్న ఆ మాటనే నేను ఒప్పుకోను. విధానంలో మినహాయింపు ఎందుకు పెట్టలేదని అడిగే చోటు డిపాజిటుదారుకు ఎక్కడా లేదు.

ఎం.వి.పి. కాలనీ వాసి: నాన్నగారి ఆరోగ్య బీమా డబ్బు తర్వాత వచ్చేదే కనుక రుణానికి సంతకాలు చేయించాం. తక్కువ పడే 40 వేలు అన్నయ్య సర్దుతున్నాడు.