జె లుయి పార్ల్ సరే, మరి జె పాన్స్ ఆ లుయి ఎందుకు?

కృష్ణాతీరం
ఫ్రెంచి మాటలు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ‘అతనితో మాట్లాడుతున్నాను’ అంటే జె లుయి పార్ల్. ‘అతని గురించి ఆలోచిస్తున్నాను’ అంటే జె పాన్స్ ఆ లుయి. రెండు క్రియలకీ ‘ఆ’ అనే ప్రిపోజిషనే కావాలి కదా. ఒకచోట లుయి క్రియకి ముందుకి వచ్చింది, ఇంకోచోట వెనకే ఉండిపోయింది. ఏ క్రియకి ఏది అని తెలుసుకునే దారి ఉందా?

బెల్లంజీడి
సింపుల్ బ్రో. ప్రిపోజిషన్ తర్వాత ఎప్పుడూ మ్వా, త్వా, లుయి, ఎల్, ను, వు, ఓ వస్తాయి. అవెక్ మ్వా, పూర్ త్వా, సాఁ లుయి, షేజ్ ఓ. ‘ఆ’ కూడా ప్రిపోజిషనే కాబట్టి ఆ లుయి. అంతే.

గోదారిగట్టు
అవెక్, పూర్, సాఁ, షే, దె, కోఁత్ర్, వీటన్నిటి వరకూ మీరు చెప్పింది పక్కా, కళ్లు మూసుకుని వాడొచ్చు. తేడా వచ్చేది ఒక్క ‘ఆ’ దగ్గరే. మీ లెక్కన జె పార్ల్ ఆ లుయి అనాలి. మామూలు వాక్యంలో ఫ్రెంచివాళ్లు అలా అనరు.

‘ఆ’ తీసుకునే క్రియల్లో ఎక్కువ వాటికి మనిషి ముందుకే వస్తాడు. చెప్పడం, ఇవ్వడం, అడగడం, రాయడం, ఫోన్ చేయడం, జవాబివ్వడం, పోలి ఉండడం, నచ్చడం అన్నీ ఈ గుంపే. జె లుయి తెలెఫోన్, జె లర్ ఎక్రి, ఇల్ మె రెపోఁ, జె లుయి రెసాంబ్ల్. మనం ‘కి’ పెట్టి ‘అతనికి ఫోన్ చేశాను’ అనే చోట్లు చాలావరకు ఇందులో పడతాయి. కానీ దాన్నే రూలుగా పట్టుకోకండి. ‘అతనికి అలవాటు పడ్డాను’లోనూ ‘కి’ ఉంది, అది ఈ గుంపు కాదు.

ముందుకి రానివి కొన్నే, వాటిని గుర్తుపెట్టుకుంటే చాలు: పాన్సే ఆ, సోఁజే ఆ (ఇదీ ఆలోచించడమే), తెనీర్ ఆ (ఎవరిమీదైనా మమకారం ఉండడం), రెనోఁసే ఆ (వదులుకోవడం), ఫేర్ అతాన్సియోఁ ఆ (జాగ్రత్తగా చూసుకోవడం). సొంతం అని చెప్పే ఎత్ర్ ఆ కూడా ఇక్కడే. ‘ఇది నాది’ అంటే సే తా మ్వా. అదే అర్థానికి ఇంకో క్రియ వాడితే సా మాపర్తియాఁ, అక్కడ మ్వా కాస్తా ‘మె’ అయి ముందుకి వచ్చేసింది. అంటే అర్థాన్ని బట్టి ఊహించలేం, క్రియతో పాటే నేర్చుకోవాలి.

మాంట్రియల్_మంచు
నాది వేరే సందేహం, కానీ దగ్గరిదే అనుకుంటా. ఉద్యోగం దరఖాస్తులో ‘మీకు రాస్తున్నాను’ అనడానికి జె వు మాద్రెస్ అని రాయొచ్చా? వు ముందుకి వస్తుందనే కదా పై పోస్టు.

గోదారిగట్టు
రాయకూడదండీ. అక్కడ జె మాద్రెస్ ఆ వు అనాలి. ఇది ఇంకో రూలు, దీనికి మినహాయింపులు వెతుక్కోనక్కర్లేదు.

క్రియకి ముందు మె, తె, సె, ను, వు కూర్చునే చోటు ఒక్కటే. అందులో ఒకటి కర్మగా కూర్చుంటే, ‘ఆ’తో వచ్చే మనిషికి ముందు చోటుండదు. లుయి, లర్ కూడా దాని పక్కన చేరలేవు. అప్పుడు ఆ మనిషి వెనక్కి పోయి మ్వా, త్వా, లుయి, ఓ రూపంలో వస్తాడు. సాద్రెసేలో ఇప్పటికే ‘మె’ కూర్చుంది కాబట్టి వు వెనక్కి పోయింది. ‘మీకు నా దరఖాస్తు పంపుతున్నాను’ అంటే ఆ చోటు ఖాళీయే, అందుకని జె వుజ్ అద్రెస్ మా కాందిదాత్యుర్ సరైనదే. క్రియ ఒకటే, ముందున్న ‘మె’ తేడా.

ఇలా సె ఉన్న క్రియలన్నీ ఒకే దారి: జె మాంతెరెస్ ఆ ఎల్, జె మాబిత్యు ఆ ఓ, జె మె ఫీ ఆ త్వా. సె లేకపోయినా ఇదే లెక్క. ‘నన్ను ఆమెకి పరిచయం చేస్తాడు’ అంటే ఇల్ మె ప్రెజాంత్ ఆ ఎల్. ‘ఆమెని నాకు పరిచయం చేస్తాడు’ అంటే ఇల్ మె లా ప్రెజాంత్. రెండో వాక్యంలో ‘మె’ పక్కన లా ఉంది, ఆ జంట కుదురుతుంది. ‘మె లుయి’ జంటే కుదరదు.

చింతచిగురు
ఒక వాక్యం విడదీసి చూస్తే తేలిక. ‘మా పాత టీచరమ్మని తలుచుకుంటాను, ఆమెకి ఉత్తరాలు రాస్తాను, ఆమె పద్ధతికి కాదు, ఆమెకే అలవాటు పడ్డాను’ అనాలి అనుకోండి.

తలుచుకోవడానికి పాన్సే, జాబితాలో ఉంది కాబట్టి జె పాన్స్ ఆ ఎల్. రాయడం ఆ జాబితాలో లేదు కాబట్టి జె లుయి ఎక్రి. ఇక్కడ టీచరమ్మ అయినా ‘ఎల్’ రాదు, ముందుకి వచ్చే లుయి ఆడా మగా ఇద్దరికీ ఒకటే. అలవాటుకి సె ఉంది కాబట్టి జె మె సుయి జాబిత్యుయే ఆ ఎల్. మనవాళ్లు ఎక్కువగా తప్పేది నడిమి దాంట్లో. ‘ఆమె’ అనగానే ఎల్ పెట్టి జె ఎల్ ఎక్రి అనేస్తారు. విడిగా ఆ లుయి అన్నప్పుడు మాత్రం అది మగవాడే.

బెల్లంజీడి
కానీ ‘పార్ల్ ఆ లుయి’ అని నేను విన్నాను, కచ్చితంగా.

గోదారిగట్టు
విని ఉంటారు. నొక్కి చెప్పేటప్పుడు జాబితాతో పని లేకుండా వెనక రూపం వస్తుంది. ‘నేను మాట్లాడేది అతనితోనే’ అంటే సే తా లుయి కె జె పార్ల్. ‘అతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడను’ అంటే జె నె పార్ల్ కా లుయి. తెలుగులో మనం ‘ఏ’ చేర్చి నొక్కే చోట చూడండి, సాధారణంగా ఫ్రెంచిలో మ్వా వరస దిగుతుంది. ‘నేనే చేశాను’కి సె మ్వా కి లే ఫే. ఇక్కడ అవ్వార్ క్రియకి ‘నేను’కి సరిపడే రూపమే వాడాలి, ‘లే’లో వినపడేది అదే. సె మ్వా కి లా ఫే అని మాటల్లో వినపడినా పరీక్షలో రాస్తే తప్పు.

మాంట్రియల్_మంచు
ఆజ్ఞ చేస్తే? దొన్ మ్వా అంటారు, కానీ దొన్ ఆ లుయి అనరు కదా.

చింతచిగురు
అవును, ఆజ్ఞలో మె, తె మాత్రమే మ్వా, త్వా అవుతాయి, మిగతావి మారవు: దొన్ మ్వా, దొన్ లుయి, దొన్ లర్. దొన్ ఓ అని లేదు. వద్దు అని చెప్తే మళ్లీ పాతదే, నె మె దొన్ పా. ఇంకోటి, ‘అందులో కొంత’ అనే ‘ఆఁ’ పక్కన చేరితే దొన్ మాఁ, దొన్ మ్వా ఆఁ కాదు.

కృష్ణాతీరం
సరే, మనుషుల సంగతి తేలింది. వస్తువైతే ‘ఈ’ అనే మాట ముందుకి వచ్చి జీ పాన్స్ కదా, ఆ లుయి కాదు. మరి పెంపుడు కుక్క గురించి ఆలోచిస్తే?

గోదారిగట్టు
ఇంట్లో పిల్లాడిలా చూసుకునేవాళ్లు జె పాన్స్ ఆ లుయి అంటారు, తప్పేమీ లేదు. మాటల్లో కొందరు మనిషికి కూడా జీ పాన్స్ అనేస్తారు.

చింతచిగురు
మనిషికి జీ పాన్స్ అనడం నేనైతే నేర్పను. రాతలో చాలామందికి అది చెవికి గుచ్చుకుంటుంది.

గోదారిగట్టు
రాతలో నేనూ వద్దంటాను. మాటల్లో అది తప్పని మాత్రం ఒప్పుకోను.