అప్‌డేట్: లంచ్ బాక్సులో గుడ్డు

అప్పుడు నేనడిగింది: "ఉడికించిన గుడ్డు పెడితే మా పాప వాసనంటూ వెనక్కి తెచ్చేస్తోంది. ఉదయం ఏడున్నరకి సర్దితే పన్నెండున్నర దాకా బాగుంటుందా?"

మీరు చెప్పాక గుడ్డు కోసి చూశాను. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం! ఇరవై నిమిషాలు మరిగించేదాన్ని మరి. అతిగా ఉడికితే తెల్లసొనలోని గంధకం వాసనగా బయటికొస్తుందట. ఇప్పుడు మరిగే నీళ్లలో పదకొండు నిమిషాలే ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేస్తున్నాను. సొన పూర్తిగా గట్టిపడుతోంది, వలయం లేదు.

రెండో తప్పు, వేడి గుడ్డుని డబ్బాలో మూసేయడం. ఆవిరి చెమ్మగా మారి, వాసనంతా లోపలే నిలిచేది. ఇప్పుడు రాత్రే ఉడికించి, పెంకుతోనే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ఒలుస్తున్నాను. బయట రెండు గంటలు, ఎండాకాలంలో గంట దాటితే నమ్మలేం కాబట్టి, చల్లదనం నిలిపే సంచిలో గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌ని డబ్బాకి ఆనించి పెడుతున్నాను. సాయంత్రానికి ప్యాక్ కరిగిపోతుంది కనుక మిగిలి వచ్చిన ముక్క చెత్తబుట్టకే.

ఈ వారం నాలుగు రోజులు డబ్బా ఖాళీ. ఐదో రోజు పచ్చసొన వెనక్కొచ్చింది, అది వాసన గొడవ కాదు, మొండితనం!